రాలేదు – రాలేడు: రోమన్ అక్షరాల తెలుగు పొట్టి సందేశాలలో అర్థం మరుగుపడే తీరు (రుద్రంగి ప్రాంత వ్యవహార భాష ఆధారంగా)

వ్యాససంగ్రహం

చరవాణి సందేశాలలో తెలుగును రోమన్ అక్షరాలతో రాయడం ఇప్పుడు సాధారణ వ్యవహారం. ఈ రాతలో దీర్ఘ హ్రస్వాల భేదం, దంత్య మూర్ధన్యాల భేదం తరచుగా కనిపించకుండా పోతాయి. సందర్భం తెలిసిన పాఠకుడు ఈ లోటును పూరించుకుంటాడనేది సాధారణంగా వినిపించే సమాధానం. ఈ వ్యాసం ఆ సమాధానం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో పరిశీలిస్తుంది. అర్థక్షేత్రాలు వేరైన మాటల మధ్య పుట్టే సందిగ్ధతను సందర్భం తొలగిస్తుంది. ఒకే క్రియ రూపాల మధ్య, లేదా ఒకే అర్థక్షేత్రంలోని మాటల మధ్య పుట్టే సందిగ్ధతను తొలగించలేదు. రాజన్న సిరిసిల్ల జిల్లా రుద్రంగి ప్రాంతపు వ్యవహార రూపాలను ఆధారం చేసుకుని ఈ విషయాన్ని నిరూపించడం, అటువంటి సందేశాలకు పాఠనిర్ణయ పద్ధతిని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: లిప్యంతరీకరణ, పొట్టి సందేశం, వ్యతిరేక క్రియ, దంత్య మూర్ధన్య భేదం, పాఠనిర్ణయం, రుద్రంగి.

1. ఉపోద్ఘాతం

రుద్రంగి చుట్టుపక్కల ఊళ్ల పేర్లను రోమన్ అక్షరాలలో ఒకచోట రాసి చూస్తే ఈ వ్యాసంలోని సమస్య మొత్తం కనిపిస్తుంది. Korutla అన్నప్పుడు t అక్షరం ‘ట’కారం. Jagtial అన్నప్పుడు అదే t ‘త’కారం. Chandurthi అన్నప్పుడు d ‘ద’కారం, Vemulawada అన్నప్పుడు అదే d ‘డ’కారం. Chandurthiలోని th ‘త’కారం కాగా, Kathlapurలోని th ‘థ’కారం. ఈ ప్రాంతం వారెవరూ ఈ పేర్లను తప్పుగా చదవరు. అయితే వారు చదువుతున్నది అక్షరాలను కాదు, ముందే తెలిసిన పేర్లను. అక్షరాలు ఆ పేర్లను గుర్తుచేసే ఆనవాళ్లు మాత్రమే. ఈ పేర్లను ఎన్నడూ వినని పాఠకుడికి ఈ రాత నుంచి సరైన ఉచ్చారణ దొరకదు.

రోమన్ అక్షరాల తెలుగు ఈ విధంగా తెలిసినదాన్ని గుర్తుచేయడానికి చక్కగా పనికివస్తుంది. తెలియని దాన్ని తెలియజేయవలసి వచ్చినప్పుడే దాని లోపం బయటపడుతుంది. సందేశం అనేది స్వభావరీత్యా తెలియని దాన్ని తెలియజేసేది. అందువల్ల ఈ లిపి విధానం తన బలహీనత అత్యధికంగా ఉన్న పనికే ఎక్కువగా వాడబడుతున్నది.

2016లో జిల్లాల పునర్విభజన తర్వాత రుద్రంగి రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వలస వెళ్లే కార్మికుల సంఖ్య పెద్దదని తెలిసిందే. కుటుంబంలో ఒకరు అక్కడ, మిగిలినవారు ఇక్కడ ఉన్నప్పుడు ఆరోగ్యం, అప్పు, ప్రయాణం, చావు వంటి విషయాలు కూడా ఒక్క వాక్యపు సందేశాలుగా ప్రయాణిస్తాయి. ఈ ప్రాంతాన్ని పరిశీలనకు తీసుకోవడానికి కారణం ఇదే. ఇక్కడ ఉదాహరించిన సందేశాలు ఏ వ్యక్తి నుంచీ సేకరించినవి కావు. ప్రాంతీయ వ్యవహార రూపాలను ఆధారం చేసుకుని కూర్చినవి.

2. పొదుపు కోసమే ఈ రాత పుట్టిందా?

రోమన్ అక్షరాల తెలుగును బద్ధకంగానో, మాతృభాషపై నిరాదరణగానో చూసే విమర్శ తరచుగా వినిపిస్తుంది. ఈ విమర్శ సాంకేతిక చరిత్రను పట్టించుకోదు. తొలి తరం చరవాణులలో చాలావాటికి తెలుగు అక్షరాలను చూపే శక్తి లేదు. తెలుగులో పంపిన సందేశం అవతల ఖాళీ గడులుగా కనిపించేది. అక్షరాల లెక్క కూడా తెలుగుకు అనుకూలంగా లేదు. ఒక ఎస్సెమ్మెస్‌లో రోమన్ అక్షరాలైతే 160 పడతాయి. తెలుగు యూనికోడ్‌లో రాస్తే 70 సంకేతాలు మాత్రమే పడతాయి. పైగా ఇక్కడ సంకేతం అంటే తెలుగువారు లెక్కించే అక్షరం కాదు. ‘స్త్రీ’ అనేది తెలుగువారి లెక్కలో ఒక్క అక్షరం. యూనికోడ్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అని 6 సంకేతాలు.

అయినా పొదుపు అనే కారణాన్ని పూర్తిగా అంగీకరించలేం. ‘అన్న రాలేదు’ అనే వాక్యాన్ని తెలుగులో రాస్తే మధ్య ఖాళీతో కలిపి 11 సంకేతాలు అవుతాయి. anna raledu అని రాసినా 11 అక్షరాలే. అంటే చాలా మాటల విషయంలో రోమన్ రాత పొట్టిదేమీ కాదు. సందేశానికి పెట్టిన హద్దే రెండు లిపులకు రెండు రకాలుగా ఉంది. ఇంటర్నెట్ ఆధారిత సందేశాలు వచ్చాక ఆ హద్దు పోయింది. తెలుగు కీబోర్డులు కూడా వచ్చాయి. అలవాటు మాత్రం మిగిలింది. దానితోపాటు, దీర్ఘాన్ని చూపడానికి మరొక a టైపు చేయకుండా వదిలేయడం అనే అలవాటు కూడా స్థిరపడింది.

రోమన్ అక్షరాలతో తెలుగును నిర్దుష్టంగా రాయడం అసాధ్యం కాదు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ పద్ధతి పెద్ద అక్షరాలను, చిన్న అక్షరాలను వేరు చేసి ఈ పని చేసింది. అందులో d దకారం, D డకారం. 2001 నాటి ఐఎస్ఓ 15919 ప్రమాణం అక్షరం కింద చుక్క, అక్షరం మీద గీత పెట్టి ఇదే భేదాన్ని చూపింది: rālēdu, rālēḍu. అయితే చుక్కలు, గీతలు చరవాణి మీద సులభంగా రావు. పెద్ద అక్షరం పద్ధతికి చరవాణియే అడ్డు తగులుతుంది. వాక్యం మొదటి అక్షరాన్ని కీబోర్డు తనంతట తానే పెద్దది చేస్తుంది కాబట్టి పెద్ద అక్షరానికి అర్థభేదం చూపే విలువ అక్కడే పోయింది. పద్ధతులు లేక కాదు, అవి వాడుకలోకి దిగక సమస్య మిగిలింది.

3. నవ్వించే సందిగ్ధత, నష్టపరిచే సందిగ్ధత

ఈ విషయాన్ని ప్రస్తావించే వారు సాధారణంగా కొన్ని తమాషా ఉదాహరణలు ఇస్తారు. koti అంటే కోతియా, కోటియా? pata అంటే పాటా, పాతా? madi అంటే మడియా, మదియా, మాదియా? ఇవి నవ్వు పుట్టిస్తాయి కానీ నిజానికి ఎవరినీ మోసం చేయవు. చెట్టెక్కేది కోతి, రూపాయలలో లెక్కించేది కోటి. రెండు మాటల అర్థక్షేత్రాలు వేరు కావడం వల్ల పక్కన ఉన్న క్రియయే నిర్ణయం చేసేస్తుంది. సందర్భం అర్థం చెబుతుందనే వాదం ఇటువంటి ఉదాహరణల మీదే ఆధారపడి ఉంది.

kallu అనే రాతను పరిశీలిస్తే ఈ వాదం ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. ఇది కల్లు కావచ్చు, కళ్లు కావచ్చు, కాళ్లు కావచ్చు. ‘bapu kallu bandh chesindu’ అనే సందేశంలో బంద్ చేసింది కల్లునే. ఇక్కడ అనుమానానికి తావు లేదు. ‘bapu kallu vachinai’ అనే సందేశం వేరు. వాచడం అనే క్రియ వల్ల కల్లు తొలగిపోతుంది. ‘బాపు కళ్లు వాచినయ్’ అన్నది, ‘బాపు కాళ్లు వాచినయ్’ అన్నది రెండూ మిగులుతాయి. రెండూ శరీరావయవాలు, రెండూ బహువచనాలు, రెండూ వాచేవి, నొచ్చేవి, మంటపుట్టేవి. మూడింటిలో ఒకదాన్ని తొలగించిన సందర్భం మిగిలిన రెండింటి ముందు మూగదైపోయింది. దూరదేశంలో ఉన్న కొడుకు ఏ వైద్యుడి దగ్గరికి తీసుకుపొమ్మని చెప్పాలో, ఎంత డబ్బు పంపాలో ఈ ఒక్క దీర్ఘం మీద ఆధారపడి ఉంది.

ఇక్కడి నుంచి ఒక సూత్రాన్ని ప్రతిపాదించవచ్చు. ఒకే రాతలో ఇమిడిన రెండు మాటలు ఎంత దూరపువైతే సందిగ్ధత అంత నిరపాయకరం. అవి ఎంత దగ్గరివైతే అంత ప్రమాదకరం. ఈ సూత్రం ప్రకారం అత్యంత ప్రమాదకరమైనవి నిఘంటువులో వేరువేరు ఆరోపాలుగా కనిపించే మాటలు కావు. ఒకే ధాతువు నుంచి పుట్టిన రూపాలు. అందువల్ల తరువాతి పరిశీలన క్రియారూపాల మీద సాగుతుంది.

4. వ్యతిరేక క్రియలో దకార డకారాలు

తెలుగులో ప్రథమ పురుష ఏకవచన క్రియ మహత్తును, మహతీ అమహత్తులను వేరు చేస్తుంది. వ్యతిరేకార్థంలో ఈ భేదాన్ని మోసేది ఒక్క హల్లు మాత్రమే. రాడు – రాదు, ఇయ్యడు – ఇయ్యదు, మాట్లాడడు – మాట్లాడదు, లేడు – లేదు. డకారముంటే పురుషుడు, దకారముంటే స్త్రీ లేదా వస్తువు. రోమన్ రాతలో రెండూ d కావడంతో ‘intla ledu’ అనే సందేశం ఇంట్లో లేనిది తండ్రా, తల్లా, తాళంచెవా అన్నది చెప్పదు.

అనుకూలార్థంలో ఈ చిక్కు లేదు. రుద్రంగి వాడుకలో వచ్చిండు – వచ్చింది, వస్తడు – వస్తది అనే రూపాల చివరి అచ్చులు కూడా వేరు. వాటిని రోమన్ అక్షరాలలో ఎంత అజాగ్రత్తగా రాసినా భేదం నిలుస్తుంది. జరిగింది చెప్పే వాక్యాలలో ఈ లిపి నమ్మకంగా ఉంటుంది. జరగనిది, జరగబోనిది, లేనిది చెప్పే వాక్యాలలో మోసం చేస్తుంది. కబురు చేదైన చోటే లిపి చేయి వదిలేస్తుందన్న మాట.

ఈ వర్గంలో కీలకమైన రూపం raledu. దీనికి వ్యాకరణపరంగా రెండు మూలాలున్నాయి. మొదటిది భూతకాల వ్యతిరేకం: రాలేదు. ఇది లింగవచన పురుషలతో మారదు. నేను రాలేదు, వాడు రాలేదు, వాళ్లు రాలేదు. రెండవది అశక్యార్థం: రాలేను, రాలేవు, రాలేడు, రాలేదు, రాలేరు. ఇది కర్తను బట్టి మారుతుంది. కర్త పురుషుడైనప్పుడు ‘అన్న రాలేదు’ అంటే రావడం జరగలేదని, ‘అన్న రాలేడు’ అంటే వచ్చే శక్తి లేదా అవకాశం లేదని అర్థం. మొదటిది ఎదురుచూపుకు చోటిస్తుంది. రెండవది ఆ చోటును మూసేస్తుంది.

ఒక ఊహా సందర్భాన్ని తీసుకుని దీన్ని పూర్తిగా పరిశీలించవచ్చు. రుద్రంగిలో ఒక వృద్ధుడు తెల్లవారుజామున చనిపోయాడు. పెద్దకొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. తలకొరివి పెట్టవలసినవాడు అతడు. కంపెనీ సెలవు ఇస్తుందో లేదో కనుక్కోమని అదే క్యాంపులో ఉండే ఊరి యువకుడికి కబురు పంపారు. మధ్యాహ్నానికి అతని నుంచి ‘anna raledu’ అని సందేశం వచ్చింది. దీన్ని ‘అన్న రాలేదు’ అని చదివితే, డ్యూటీ నుంచి అన్న ఇంకా క్యాంపుకు రాలేదు, విషయం తేలలేదు, శవాన్ని రేపటిదాకా ఉంచాలి. ‘అన్న రాలేడు’ అని చదివితే, సెలవు దొరకలేదు, చిన్నకొడుకు చేత సాయంత్రంలోగా దహనం జరిపించాలి. రెండు పాఠాలూ ఆ సందర్భానికి సహజంగా అతుకుతాయి. సందర్భం ఎంత స్పష్టంగా తెలిసినా నిర్ణయం రాదు. ఎందుకంటే ఆ సందర్భంలోని ప్రశ్నే ఈ రెండు సమాధానాలలో ఏది అన్నది.

ఇక్కడ మరింత లోతైన చిక్కు ఉంది. అనుమానం వచ్చినవాడు ‘raleda?’ అని తిరిగి అడుగుతాడు. ఇది ‘రాలేదా?’ కావచ్చు, ‘రాలేడా?’ కావచ్చు. ప్రశ్న కూడా అదే సందిగ్ధతను వారసత్వంగా తీసుకుంది. అవతలివాడు ‘ha’ అంటాడు. ఇద్దరూ ఒకే మాట మీద అంగీకరించినట్టు కనిపిస్తుంది. నిజానికి ఒకరు ఒక అర్థంలో అడిగారు, మరొకరు మరో అర్థంలో ఒప్పుకున్నారు. నిర్ధారణ కోసం చేసిన ప్రయత్నమే పొరపాటును ధ్రువపరిచింది.

ఈ సందర్భంలో ఒక అభ్యంతరానికి సమాధానం చెప్పాలి. కర్త స్త్రీ అయినప్పుడు తెలుగు లిపిలో కూడా ఈ రెండు అర్థాలకు రూపం ఒక్కటే. ‘అక్క రాలేదు’ అంటే రావడం జరగలేదని కావచ్చు, రాజాలదని కావచ్చు. భాషలోనే ఉన్న సందిగ్ధతకు రోమన్ లిపిని నిందించడం న్యాయమా? ఈ అభ్యంతరం సరైనదే, కానీ అది వాదాన్ని బలహీనపరచదు, బలపరుస్తుంది. స్త్రీ విషయంలో రూపం చాలదని వక్తలకు అలవాటుగా తెలుసు. అందుకే ‘అక్క వచ్చేటట్టు లేదు’, ‘అక్కకు వచ్చుడు కాదు’ అని మరో నిర్మాణాన్ని ఆశ్రయిస్తారు. పురుషుడి విషయంలో ‘లేడు’లోని డకారం ఆ పని చేసిపెడుతుందన్న నమ్మకం వల్ల అదనపు మాట వాడరు. రోమన్ రాత ఆ డకారాన్ని తీసేస్తుంది. నమ్మకాన్ని మాత్రం తీసేయదు. పంపినవాడి చెవిలో డకారం మోగుతూనే ఉంటుంది. అది తెర మీద లేదన్న సంగతి అతనికి తెలియదు. అందుకే దీన్ని అర్థం నశించడం అనడం కంటే మరుగుపడడం అనడం సరైనది. పంపినవాడి దగ్గర అర్థం భద్రంగానే ఉంది, చదివేవాడి నుంచి దాగింది.

5. మాండలికం కాపాడే చోటు, కాపాడని చోటు

రుద్రంగి ప్రాంతపు సహజ వ్యవహారంలో భూతకాల వ్యతిరేకానికి ‘రాలే’ అనే రూపం వాడుకలో ఉంది. అన్న రాలే, పైసలు పంపలే, ఫోన్ చెయ్యలే. పంపినవాడు నోట పలికినట్టే ‘anna rale’ అని రాసి ఉంటే పై సందర్భంలో చిక్కే లేదు. అశక్యార్థంలో ‘రాలేడు’ చివరి డకారం జారిపోదు కాబట్టి rale, raledu రెండూ స్పష్టంగా విడిపోతాయి. సందిగ్ధత పుట్టేది పంపినవాడు చదువుకున్న భాషకు మర్యాద ఇచ్చి, పుస్తకాలలోని ‘రాలేదు’ రూపాన్ని రాసినప్పుడు. మాండలికంలో రాయడం అస్పష్టతకు దారితీస్తుందన్న సాధారణాభిప్రాయం ఇక్కడ తలకిందులవుతుంది.

అయితే మాండలికం అన్నిచోట్లా కాపాడదు. ఇదే ప్రాంతంలో ఉత్తమ పురుష భూతకాల క్రియ చివర హ్రస్వం వినిపిస్తుంది. కోస్తా వాడుకలో ‘పోయాను’ అన్నది ఇక్కడ ‘పోయిన’. ‘పోయిన’ అన్నదే క్రియాజన్య విశేషణం కూడా. దీర్ఘం చేరి ‘పోయినా’ అయితే అప్యర్థకం. వీసా కోసం ఏజెంటుకు కట్టిన డబ్బు గురించి ఊరి నుంచి ‘poyina paisalu ravu’ అనే సందేశం వచ్చిందనుకోవాలి. దీన్ని మూడు విధాలుగా చదవవచ్చు. ‘పోయిన పైసలు రావు’ అంటే చేజారిన డబ్బు ఇక తిరిగిరాదు, ఆశ వదులుకోవాలి. ‘పోయినా పైసలు రావు’ అంటే ఏజెంటు దగ్గరికి వెళ్లినా ప్రయోజనం లేదు, మరో మార్గం చూడాలి. ‘పోయిన, పైసలు రావు’ అంటే నేను వెళ్లి వచ్చాను, ఇవ్వనంటున్నాడు.

మొదటిది లోకోక్తి వంటి సాధారణ వాక్యం, రెండవది సలహా, మూడవది నివేదిక. ఒకటి డబ్బును గురించి తీర్పు చెబుతున్నది. మరొకటి ప్రయాణాన్ని గురించి తీర్పు చెబుతున్నది. ఇంకొకటి జరిగిన ప్రయత్నాన్ని తెలియజేస్తున్నది. మొదటి అర్థంలో చదివినవాడు తన మనిషి ఏజెంటు దగ్గరికి పోనే లేదని నిందించవచ్చు. పంపినవాడు మండుటెండలో పోయి వచ్చి ఆ మాట రాసి ఉండవచ్చు. మాటలో ఈ మూడింటినీ దీర్ఘం, విరామం, స్వరం వేరు చేస్తాయి. రోమన్ రాతలో చివరి దీర్ఘం పోయింది, విరామ చిహ్నం వాడే అలవాటు లేదు, స్వరానికి మామూలు రాతలో గుర్తు లేదు. మొదటి రెండు పాఠాల మధ్య తేడాను తెలుగు లిపి కచ్చితంగా చూపగలదు. మొదటికి, మూడవదానికి మధ్య తేడాను అది కూడా కామా సాయంతోనే చూపుతుంది. ఏ లోపం రోమన్ రాతది, ఏది రాతకే సహజమైనది అన్న వివేచన ఇటువంటి చోట అవసరం.

6. చదివి వినిపించేవారి సమస్య

ఇంతవరకు సందేశాన్ని స్వయంగా చదువుకునే పాఠకుడి గురించి చెప్పడం జరిగింది. తెలుగు చదవగలిగి రోమన్ అక్షరాలు చదవలేని పెద్దలు, ఏ లిపీ చదవలేని పెద్దలు బడికి పోయే పిల్లల చేత సందేశాలు చదివించుకుంటారు. అప్పుడు సందేశానికి, శ్రోతకు మధ్య ఒక పఠిత వచ్చి చేరుతున్నాడు. రోమన్ రాతను గొంతెత్తి చదవాలంటే దకార డకారాలలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. మౌనంగా చదివేవాడు సందేహాన్ని నిలుపుకోగలడు. పైకి చదివేవాడు నిలుపుకోలేడు. పిల్ల ‘రాలేదు’ అని పలికితే అవ్వ విన్నది ‘రాలేదు’ అనే. తెర మీద రెండు మాటలున్నాయని ఆమెకు ఎన్నటికీ తెలియదు. తెలియకుండానే ఆ పిల్ల పాఠ పరిష్కర్త అయింది, ఆ పాఠమే స్థిరపడింది.

ధ్వన్యనుసరణ కీబోర్డులు చేసే పని కూడా ఇటువంటిదే. రోమన్ అక్షరాలు నొక్కితే అవి తెలుగు మాటలను సూచిస్తాయి. raledu అని నొక్కితే ఎక్కువ వాడుకలో ఉన్న ‘రాలేదు’ ముందు కనిపించే అవకాశం ఎక్కువ. తొందరలో ఉన్నవాడు దాన్నే ఎంచుకుంటే, తెలుగు లిపిలో ఉన్న ఆ తప్పు రోమన్ రాత కంటే ప్రమాదకరం. రోమన్ రాత కనీసం అనుమానించే పాఠకుడికి అవకాశమిస్తుంది. తెలుగు లిపి నిశ్చయంగా కనబడుతుంది కాబట్టి ఎవరూ అనుమానించరు.

7. పాఠనిర్ణయ పద్ధతి

లిపి చూపని భేదాలను పాఠకుడు పూరించుకోవలసి రావడం తెలుగుకు కొత్త కాదు. ప్రాచీన తెలుగు కన్నడ శాసనలిపిలో ఎ – ఏ, ఒ – ఓ భేదాన్ని చూపే గుర్తులు లేవు. అయినా పద్యం విషయంలో పరిష్కర్తకు ఛందస్సు తోడుంది. గురువు మరో విధంగా ఏర్పడని చోట గణం గురువును కోరితే అక్కడ దీర్ఘం ఉండవలసిందే. ప్రాసస్థానంలో దకారమున్న పద్యంలో డకారానికి చోటు లేదు. పొట్టి సందేశానికి ఈ రక్షణ లేదు. అయితే పరిష్కర్తలు వాడే మరో సాధనం, అంటే లేఖకుడి అలవాటును పట్టుకోవడం, ఇక్కడ కూడా పనిచేస్తుంది.

రోమన్ రాతలో తెలుగు రాసే ప్రతివారికీ తమదైన వర్ణక్రమం ఉంటుంది. కొందరు దకారానికి dh, డకారానికి d వాడుతారు. కొందరు రెండింటికీ d వాడుతారు. ఎవరిది ఏ పద్ధతో తెలుసుకోవడానికి అదే వ్యక్తి పంపిన పాత సందేశాలలో అనుమానం లేని మాటలను చూడాలి. ‘దగ్గర’ను dhaggara అని, ‘డబ్బులు’ను dabbulu అని నిలకడగా రాసేవాడైతే అతని raledu ‘రాలేడు’ అయ్యే అవకాశమే ఎక్కువ. daggara, dabbulu అని రాసేవాడైతే అతని d ఏమీ చెప్పదు. ఒకసారి dh, ఒకసారి d రాసేవాడి విషయంలోనూ ఈ ఆధారం పనికిరాదు. దీర్ఘాల విషయంలో మాట మధ్య అలవాటును, మాట చివరి అలవాటును విడిగా చూడాలి. paalu అని జాగ్రత్తగా రాసేవారు కూడా poyina చివర దీర్ఘాన్ని వదిలేయవచ్చు.

రెండవ ఆధారం వాక్యంలోని తోటి పదాలు. ‘ఇంకా’, ‘నిన్న’ వంటివి ఉంటే ‘రాలేదు’ వైపు, ‘రేపు’, ‘ఈసారి’ వంటివి ఉంటే ‘రాలేడు’ వైపు మొగ్గు ఉంటుంది. పొట్టి సందేశంలో ఇటువంటి పదాలు ఉండకపోవడమే ఎక్కువ కాబట్టి ఈ ఆధారం పరిమితమైనది.

రెండు ఆధారాలూ విఫలమైనప్పుడు అడగడమే మిగులుతుంది. కానీ అదే మాటతో అడగకూడదు. ‘raleda?’ అనడానికి బదులు ‘bayalellinda?’ అనో, ‘selavu dorkinda?’ అనో అడగాలి. ‘బయలెల్లిండా’, ‘సెలవు దొరికిందా’ అనేవి అనుకూల క్రియలు. అనుకూల క్రియలో రోమన్ రాత నమ్మదగినదని ముందే గమనించడం జరిగింది. వ్యతిరేకంలో వచ్చిన సందేహాన్ని అనుకూలంలోకి మార్చి అడగడం ఈ పద్ధతిలోని సారం. అవయవాల విషయంలోనూ ఇంతే. ‘kalla?’ అని కాక ‘nadustunda?’ అని అడిగితే ‘నడుస్తుండా’ అన్న మాట కాళ్లను, కళ్లను విడదీస్తుంది.

8. ఉపసంహారం

రోమన్ అక్షరాల తెలుగు వల్ల కలిగే అర్థనష్టం యాదృచ్ఛికమైనది కాదు. అది ఎక్కడ పుడుతుందో ముందుగానే చెప్పవచ్చు. ప్రథమ పురుష ఏకవచన వ్యతిరేక క్రియలో, పదాంత దీర్ఘం వాక్యనిర్మాణాన్ని నిర్ణయించే చోట, ఒకే అర్థక్షేత్రంలోని మాటలు దీర్ఘమాత్రంతో వేరయ్యే చోట అది పుడుతుంది. మిగిలిన చోట్ల సందర్భం చాలావరకు ఆదుకుంటుంది. కాబట్టి ఈ రాతను సమూలంగా ఖండించడం కానీ, సందర్భం మీద భారం వేసి ఊరుకోవడం కానీ విమర్శ చేయవలసిన పని కాదు.

రుద్రంగి వాడుకలోని ‘రాలే’ వంటి రూపం ఈ లిపిలో ‘రాలేదు’ కంటే భద్రమైనదని తేలడం, మాండలిక రూపాలను రాతకు పనికిరానివిగా చూసే దృష్టిని పునఃపరిశీలించమంటుంది. మిగిలిన తెలుగు మాండలికాలలో ఏ రూపాలు ఈ లిపిలో నిలుస్తాయో, ఏవి నిలవవో విడివిడిగా పరిశీలించవలసి ఉంది. అంతవరకు, ముఖ్యమైన కబురు వ్యతిరేక క్రియలో ఉన్నప్పుడు దాన్ని తెలుగు లిపిలో రాసి, పంపే ముందు ఒకసారి చదువుకోవడమో, గొంతుతో చెప్పి పంపడమో శ్రేయస్కరం. ‘అన్న’ వస్తాడా రాడా అన్నది తేల్చే డకారం పలికినవారి నోట ఉంది. దాన్ని తెర మీదికి చేర్చవలసిన బాధ్యత కూడా వారిదే.